తోబుట్టువుల మధ్య విభజన దస్తావేజు: సూరత్‌లో ఏది రిజిస్టర్ చేయాలి, సబ్-రిజిస్ట్రార్ ఏది పరిశీలిస్తారు

సూరత్‌లోని లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. మొదటి తరం మరమగ్గాల మీద పనిచేసి ఇల్లు కట్టుకుంది, కొందరు షెడ్లు కొనుక్కున్నారు. ఆ తరం కాలం చేసిన తరువాత ఇల్లు, షెడ్డు, స్థలం తోబుట్టువుల మధ్య పంచుకోవలసి వస్తోంది. ఒకరు సూరత్‌లోనే ఉంటారు, ఒకరు మెట్టినింట సిరిసిల్లలోనో వరంగల్‌లోనో ఉంటారు. దస్తావేజు గుజరాతీలో తయారవుతుంది. సంతకం చేసేవారిలో ఒకరికి ఆ లిపి రాకపోవచ్చు. ఇటువంటి పంపకంలో చట్టం ఏమి కోరుతుందో, రిజిస్ట్రేషన్ కార్యాలయం ఎంతవరకు చూస్తుందో వేరువేరుగా తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే రిజిస్ట్రేషన్ దస్తావేజుపై సంతకాలు ఎవరివో ధ్రువపరుస్తుంది. పంపకం న్యాయంగా జరిగిందా, వారసులందరూ అందులో ఉన్నారా అన్నది మాత్రం ధ్రువపరచదు.

ఏ పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, 100 రూపాయలు లేదా అంతకు మించిన విలువగల స్థిరాస్తిపై హక్కును సృష్టించే, ప్రకటించే, బదిలీ చేసే, పరిమితం చేసే లేదా రద్దు చేసే పత్రాన్ని తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. ఉమ్మడిగా ఉన్న ఇంటిలో ఇకపై కింది అంతస్తు ఒకరిది, పై అంతస్తు మరొకరిది అని రాసిన క్షణంలో ఉమ్మడి హక్కు పోయి వేర్వేరు హక్కులు ఏర్పడుతున్నాయి. అందువల్ల ఆ పత్రం ఈ నిబంధన కిందికి వస్తుంది. దానిని తెలుగు ప్రాంతాల్లో విభజన దస్తావేజు, భాగపరిష్కార దస్తావేజు అంటారు. గుజరాత్ కార్యాలయాల్లో ‘వహేంచణీ లేఖ్’ అంటారు.

ఇందుకు భిన్నమైనది పాత పంపకాన్ని గుర్తుకోసం రాసుకున్న పత్రం. పెద్దల సమక్షంలో నోటిమాటగా పంపకం ముందే పూర్తయి, ఎవరి భాగం వారు స్వాధీనంలోకి తీసుకున్న తరువాత, ఆ సంగతిని కేవలం నమోదు చేసుకున్న పత్రానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదని సుప్రీంకోర్టు 1976లో కాలే కేసులో స్పష్టం చేసింది. ఈ తేడా చాలా సన్నగా ఉంటుంది. ‘ఈ రోజు నుంచి ఫలానా గది ఫలానా వారిది’ అనే వాక్యం హక్కును ఏర్పరుస్తుంది. ‘ఫలానా సంవత్సరంలో జరిగిన పంపకం ప్రకారం ఫలానా గది ఫలానా వారి స్వాధీనంలో ఉంది’ అనే వాక్యం జరిగిపోయినదాన్ని చెబుతుంది. వాక్యం రూపం మార్చినంత మాత్రాన పని జరగదు. న్యాయస్థానం ఆ కాలపు పన్ను రసీదులను, విద్యుత్ బిల్లులను, వాస్తవ స్వాధీనాన్ని చూసి, పంపకం నిజంగా ముందే జరిగిందా అని పరిశీలిస్తుంది.

రిజిస్టర్ కాని విభజన పత్రం గతి ఏమిటన్నది ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లి 2015లో తీర్పు వచ్చిన ఒక కుటుంబ వివాదంలో తేలింది. 1975 జూన్‌లో రాసుకున్న పత్రాల ఆధారంగా ఆస్తి ముందే పంచుకున్నామని ఒక పక్షం వాదించింది. పత్రాలకు జ్ఞాపిక, ఒప్పందం వంటి పేర్లు ఉన్నా, వాటిలోని విషయం హక్కులను మార్చేదేనని, కాబట్టి రిజిస్ట్రేషన్ లేనిదే ఆ పంపకానికి సాక్ష్యంగా పనికిరావని న్యాయస్థానం చెప్పింది. బకాయిపడిన స్టాంపు సుంకం, జరిమానా చెల్లిస్తే స్వాధీనం వంటి అనుబంధ విషయాలకు మాత్రమే వాటిని చూడవచ్చని పేర్కొంది. పత్రానికి పెట్టిన పేరు చూసి కాక, అది చేసే పనిని చూసి తీర్పు వస్తుందన్నది ఇందులోని సారాంశం. ఆ పత్రాలు రాసుకున్న నాటికీ తీర్పు వచ్చిన నాటికీ మధ్య నలభై ఏళ్లు గడిచాయి.

పిత్రార్జితమా, తండ్రి స్వార్జితమా

దస్తావేజు మొదటి పేరాలో వచ్చే ఒక మాట వాటాలను నిర్ణయిస్తుంది. వాడుకలో తండ్రి నుంచి వచ్చిన ఆస్తి అంతా ‘పూర్వీకుల ఆస్తి’. గుజరాతీలో దానికి ‘వడిలోపార్జిత్’ అనే మాట వాడతారు. చట్టం దృష్టిలో ఇందులో రెండు వేర్వేరు రకాలు కలిసిపోయి ఉన్నాయి.

తాతముత్తాతల నుంచి పంపకం కాకుండా ఉమ్మడిగా వచ్చిన ఇల్లు హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తి. అందులో కుమార్తెకు పుట్టుకతోనే కుమారుడితో సమానమైన హక్కు ఉందని 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ చెబుతుంది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టర్ అయిన దస్తావేజు ద్వారానో న్యాయస్థానపు డిక్రీ ద్వారానో పూర్తయిన పంపకాలను మాత్రం ఈ సవరణ తిరగదోడదు.

తండ్రి సూరత్‌లో తన సంపాదనతో తన పేరున కొన్న ఇల్లు స్వార్జితం. ఆయన వీలునామా లేకుండా మరణిస్తే, ఆ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం అది భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తండ్రికి తల్లి బతికి ఉంటే ఆమెకు కూడా సమానంగా చెందుతుంది. తండ్రి కన్నా ముందే మరణించిన కుమారుడు ఉంటే, అతని భార్యాబిడ్డలు కలిసి అతని ఒక్క వాటాను తీసుకుంటారు. నానమ్మ, మరణించిన సోదరుడి భార్య అనే ఈ ఇద్దరే పంపకాల్లో ఎక్కువగా మరచిపోయే వారసులు. మనవలకు పుట్టుకతో హక్కు ఉందని చెప్పి ఈ ఆస్తికి ‘పూర్వీకుల ఆస్తి’ అని రాస్తే, దస్తావేజే తరువాతి తగాదాకు ఆధారమవుతుంది.

అందువల్ల ఇల్లు ఎవరు ఎప్పుడు ఏ దస్తావేజు ద్వారా కొన్నారో, ఆ యజమాని ఎప్పుడు మరణించారో, వారసులు ఎవరెవరో వరుసగా రాసి, ఆ తరువాతే పంపకం సంగతికి రావడం సరైన క్రమం. గుజరాత్‌లో వారసుల జాబితాకు ‘పేఢీనామా’ అనే వంశవృక్ష పత్రం వాడతారు. సాక్షుల వాంగ్మూలంతో తలాటీ దాన్ని తయారుచేస్తారు. దాని ఆధారంగా రికార్డుల్లో వారసుల పేర్లు ఎక్కించడాన్ని ‘వారసాయి’ అంటారు. పేఢీనామా రెవెన్యూ పనికి ఉపయోగపడే పత్రమే తప్ప వారసత్వంపై తుది నిర్ణయం కాదు.

ఒక ఉదాహరణ: మూడు భాగాల లెక్క

తండ్రి సూరత్‌లో తన పేరున ఒక ఇల్లు, ఒక మరమగ్గాల షెడ్డు, ఒక ఖాళీ స్థలం కొన్నారని, బ్యాంకులో ఆరు లక్షల రూపాయల డిపాజిట్ ఉందని అనుకుందాం. ఆయన తల్లి ఆయనకన్నా ముందే మరణించారు. ఆయన, ఆ తరువాత ఆయన భార్య, ఇద్దరూ వీలునామా రాయకుండానే కన్నుమూశారు. మిగిలినవారు అన్న, తమ్ముడు, సిరిసిల్లలో నివసిస్తున్న చెల్లెలు. ప్రభుత్వం ప్రకటించే ‘జంత్రీ’ ధరల ప్రకారం ఇల్లు 16 లక్షలు, షెడ్డు 16 లక్షలు, స్థలం 10 లక్షలుగా లెక్కకు వచ్చాయి. డిపాజిట్‌తో కలిపి మొత్తం 48 లక్షలు. ఒక్కొక్కరి వాటా 16 లక్షలు. అన్నకు ఇల్లు, తమ్ముడికి షెడ్డు, చెల్లెలికి స్థలంతో పాటు డిపాజిట్ అని ఒప్పుకున్నారు.

స్టాంపు సుంకం ఇక్కడ మొత్తం 48 లక్షల మీద పడదు. విభజనలో అన్నిటికన్నా పెద్ద వాటా మూలంగా మిగిలినట్టు, తక్కినవి దాని నుంచి విడిపోయినట్టు స్టాంపు చట్టం భావిస్తుంది. వాటాలు సమానమైతే వాటిలో ఒకదాన్ని మూలంగా తీసుకుంటారు. కాబట్టి ఈ కుటుంబానికి విడిపోయిన రెండు వాటాల విలువ, అంటే 32 లక్షలు, సుంకానికి ఆధారం. దానికి వర్తించే రేటును దస్తావేజు రాసే నాటికి గుజరాత్ స్టాంపు చట్టం షెడ్యూలులో విభజన పద్దు కింద చూసుకోవాలి. రాష్ట్రంలో జంత్రీ ధరలు 2023 ఏప్రిల్ 15 నుంచి బాగా పెరిగాయి. పాత దస్తావేజు చూసి కట్టిన లెక్క ఇప్పటికి సరిపోదు. విలువ తక్కువ చూపినట్టు అనిపిస్తే, నిజమైన విలువ తేల్చడానికి దస్తావేజును స్టాంపు మూల్యాంకన విభాగపు డిప్యూటీ కలెక్టర్‌కు పంపే అధికారం రిజిస్టర్ చేసే అధికారికి ఉంది.

ఇదే పనిని కొందరు మరో దారిలో ముగించాలని చూస్తారు. చెల్లెలి చేత ‘హక్ కమీ’ అనే హక్కు విడుదల పత్రంపై సంతకం పెట్టిస్తే, రికార్డులో ఆమె పేరు తొలగిపోతుంది. ఆమెకు ఇస్తామన్న స్థలం గాని సొమ్ము గాని ఆ పత్రంలో ఉండదు. విభజన దస్తావేజులో ఆమె ఒక భాగం తీసుకుని తక్కిన భాగాలపై హక్కు వదులుకుంటుంది. విడుదల పత్రంలో వదులుకోవడం మాత్రమే ఉంటుంది. పత్రం శీర్షిక గుజరాతీలో ఉన్నప్పుడు ఈ రెండు మాటల మధ్య తేడా సంతకం చేసేవారికి ముందుగా తెలియాలి.

సబ్-రిజిస్ట్రార్ ముందు జరిగే పరిశీలన

దస్తావేజును ఆస్తి పూర్తిగానో కొంతభాగమో ఉన్న పరిధిలోని సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో సమర్పించాలి. సంతకం చేసిన నాటి నుంచి నాలుగు నెలల గడువు ఉంది. తోబుట్టువులు వేర్వేరు తేదీల్లో సంతకాలు చేస్తే, ఒక్కొక్క సంతకం తేదీ నుంచి నాలుగు నెలలు లెక్కిస్తారు. అనివార్య కారణాల వల్ల ఆలస్యమైతే, మరో నాలుగు నెలల లోపు, రిజిస్ట్రేషన్ రుసుముకు పది రెట్లకు మించని జరిమానాతో అనుమతించే వీలుంది.

అధికారి మొదట చూసేది పత్రం రూపం. తగిన స్టాంపు ఉందా, కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఖాళీలు ఉన్నచోట సంతకాలు ఉన్నాయా, ఆస్తిని గుర్తించగలిగేంత స్పష్టంగా వివరించారా అని పరిశీలిస్తారు. సూరత్ నగర ఆస్తికి సిటీ సర్వే నంబరు, ప్రాపర్టీ కార్డు వివరాలు, మునిసిపల్ పన్ను నంబరు, నాలుగు వైపుల హద్దులు, విస్తీర్ణం ఉండాలి. ఒకే ఇంటిని అంతస్తులవారీగా పంచుకుంటే మెట్లు, నీటి ట్యాంకు, డాబా ఎవరివో, లేక ఉమ్మడిగా ఉంటాయో రాసి, ప్లాను జతచేయాలి. ప్లానులో గుర్తించని ఉమ్మడి దారి మీదనే తరువాత ఎక్కువ తగాదాలు వస్తాయి.

రెండవది భాష. అధికారికి తెలియని, జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని భాషలో పత్రం ఉంటే, జిల్లాలో వాడుకలో ఉన్న భాషలోకి యథార్థమైన అనువాదం, దానితో పాటు అసలుకు నకలు జతచేయకపోతే రిజిస్ట్రేషన్‌ను నిరాకరించాలని చట్టంలోని 19వ సెక్షన్ చెబుతుంది. తెలుగులో రాసిన దస్తావేజును సూరత్‌లో సమర్పిస్తే, గుజరాతీ అనువాదం అందుకే అవసరం. అయితే చట్టం అధికారికి అర్థం కావడం గురించే చెప్పింది. సంతకం చేసే చెల్లెలికి గుజరాతీ అర్థమవుతుందా అన్నది ఈ సెక్షన్ అడగదు. కాబట్టి గుజరాతీ దస్తావేజు చివర, విషయాన్ని ఆమెకు తెలుగులో చదివి వివరించారని, చదివినవారి పేరు, సంతకంతో ఒక వాక్యం చేర్చి, తెలుగు పాఠంపై కూడా అందరి సంతకాలు తీసుకుని ఉంచుకోవడం రెండు పక్షాలకూ రక్షణ. తెలియక సంతకం చేశానన్న మాట రేపు వస్తే సమాధానం ఆ వాక్యంలో ఉంటుంది.

మూడవది మనుషులు. దస్తావేజు రాసిచ్చిన ప్రతి ఒక్కరూ స్వయంగా గాని అధికారం పొందిన ప్రతినిధి ద్వారా గాని హాజరు కావాలి. అధికారి వారి గుర్తింపును నిర్ధారించుకుని, సంతకం తమదేనని ఒప్పుకుంటున్నారా అని అడుగుతారు. ఫోటోలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఎవరైనా సంతకం తమది కాదన్నా, మైనరుగా లేదా మతిస్థిమితం లేనివారుగా కనిపించినా, వారికి సంబంధించినంతవరకు రిజిస్ట్రేషన్‌ను నిరాకరించాలి. నిరాకరణకు కారణాలు లిఖితపూర్వకంగా నమోదు చేయాలి, కోరితే వాటి నకలు ఉచితంగా ఇవ్వాలి. సంతకం కాదనడం మినహా మరే కారణంతో నిరాకరించినా, 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సంతకం కాదన్న సందర్భంలో అదే గడువులో వేరే దరఖాస్తు చేసుకోవాలి. అప్పుడు రిజిస్ట్రార్ సాక్ష్యం తీసుకుని విచారిస్తారు.

సిరిసిల్లలో ఉన్న చెల్లెలు సూరత్ రాలేకపోతే మార్గం ఉంది. ఆమె దస్తావేజుపై స్వయంగా సంతకం చేసి, తన తరఫున హాజరై ఆ సంతకాన్ని ఒప్పుకునేందుకు వేరొకరికి జీపీఏ ఇవ్వవచ్చు. అది నోటరీ ముందు చేసినది అయితే చాలదు. 33వ సెక్షన్ ప్రకారం ఆమె నివసించే పరిధిలోని సబ్-రిజిస్ట్రార్ లేదా రిజిస్ట్రార్ ముందు రాసి, ఆ అధికారి ధ్రువీకరించినదై ఉండాలి. అంటే సిరిసిల్ల కార్యాలయంలో ధ్రువీకరణ పొందిన పత్రం సూరత్‌లో చెల్లుతుంది. పంపకంలో ఎదుటి పక్షమైన అన్ననే తన ప్రతినిధిగా నియమించడం చట్టవిరుద్ధం కాకపోయినా వివేకం కాదు. అనారోగ్యంతో కదలలేనివారి విషయంలో అధికారి ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకునే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది.

పరిశీలించనిది ఏది

ఇంతవరకు చెప్పిన పరిశీలనలో తండ్రికి ఆ ఇంటిపై నిజంగా హక్కు ఉందా, వారసులు ముగ్గురేనా, వాటాలు సమానంగా ఉన్నాయా అన్న ప్రశ్నలు లేవు. కార్యాలయం పాత దస్తావేజును, ప్రాపర్టీ కార్డును అడగవచ్చు. అయినా హక్కును తేల్చే పని దానిది కాదు. హక్కు రుజువు చేసే పత్రాలు చూపలేదన్న కారణంతో నిరాకరించే అధికారాన్ని ఇచ్చిన తమిళనాడు నియమం ఒకదాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, దస్తావేజు రాసిచ్చినవారికి ఆస్తిపై హక్కు ఉందో లేదో తేల్చడం రిజిస్టర్ చేసే అధికారి పని కాదని చెప్పింది.

దీని ఫలితం ఉదాహరణలోని కుటుంబంలోనే చూడవచ్చు. తండ్రి కన్నా ముందే మరణించిన మరో సోదరుడు ఉండి, అతని భార్య, ఒక బిడ్డ ఊరిలో ఉన్నారనుకుందాం. అప్పుడు వాటాలు మూడు కాదు, నాలుగు. ఒక్కొక్కటి 16 లక్షలు కాదు, 12 లక్షలు. వారిని వదిలేసి ముగ్గురే సంతకాలు చేసినా రిజిస్ట్రేషన్ పూర్తవుతుంది, ముద్ర పడుతుంది. కాని ఆ దస్తావేజు సంతకం చేయనివారిని బంధించదు. వారు దావా వేస్తే పంపకం మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. ఈలోగా తమ్ముడు షెడ్డును అమ్మి ఉంటే, కొన్నవారు కూడా వివాదంలో చిక్కుకుంటారు. ఆ బిడ్డ మైనరైతే తల్లి సంతకం ఒక్కటే సరిపోకపోవచ్చు. మైనరు స్థిరాస్తి హక్కును వదులుకోవడానికి న్యాయస్థానం అనుమతి అవసరమయ్యే పరిస్థితి ఉంటుంది గనుక న్యాయవాది సలహా తీసుకున్న తరువాతే ముందుకు వెళ్లాలి.

కుటుంబం చేసుకోవలసిన పరిశీలన అందుకే కార్యాలయానికి వెళ్లకముందే జరగాలి. తండ్రి దస్తావేజు ఆయన పేరునే ఉందా, ఆస్తిపై బ్యాంకు తాకట్టు మిగిలి ఉందా అని రిజిస్ట్రేషన్ కార్యాలయపు ఇండెక్సులో వెతికించాలి. మరణ ధ్రువీకరణ పత్రాల తేదీలను వంశవృక్షంతో పోల్చాలి. ఎవరు ఎవరికన్నా ముందు మరణించారన్నదే వాటాల సంఖ్యను నిర్ణయిస్తుంది.

స్వగ్రామంలో కూడా ఆస్తి ఉంటే

సిరిసిల్లలో తాతగారి ఇల్లు కూడా ఉంటే, దాన్ని కూడా ఇదే పత్రంలో చేర్చవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. ఆస్తిలో కొంతభాగం ఉన్నచోట సమర్పిస్తే చాలునని, ఆ అధికారి మిగతా జిల్లాల రిజిస్ట్రార్లకు నకలు పంపాలని కేంద్ర చట్టం చెబుతుంది. కాని స్టాంపు సుంకం రాష్ట్రానికో తీరు, రిజిస్ట్రేషన్ చట్టానికి రాష్ట్రాలు సవరణలు కూడా చేసుకున్నాయి. పైగా ఈ ఇల్లు ఉమ్మడి కుటుంబపు ఆస్తి కావడంతో వాటాదారులు సూరత్ ఆస్తి వారసులతో సమానంగా ఉండకపోవచ్చు. రెండు రాష్ట్రాల్లో రెండు దస్తావేజులు రాసుకుని, ఒకదానిలో మరొకదాన్ని ప్రస్తావించడం తేలికైన మార్గం. లేకపోతే ఒకచోట తక్కువ తీసుకున్నవారికి మరొకచోట ఎక్కువ ఇచ్చిన సంగతికి ఆధారం మిగలదు.

రిజిస్టర్ అయిన దస్తావేజు, సంతకం చేసిన తేదీ నుంచే అమలులోకి వస్తుంది. ఈ ఉదాహరణలో అసలు పత్రం ఒకరి దగ్గరే ఉంటుంది కాబట్టి, అది ఎవరి వద్ద ఉంటుందో, అవసరమైతే తక్కినవారికి చూపించాలో లేదో పత్రంలోనే రాసి, మిగిలిన ఇద్దరు ధ్రువీకృత నకళ్లు తీసుకోవాలి. ఆ నకళ్లతో సిటీ సర్వే కార్యాలయంలో ప్రాపర్టీ కార్డుపై, సూరత్ నగరపాలక సంస్థ పన్ను రికార్డులో, విద్యుత్ కనెక్షన్‌లో ఎవరి భాగానికి వారి పేరు మార్పించుకోవాలి. రికార్డులో పేరు మారకపోయినా హక్కు పోదు. అయితే తండ్రి పేరుననే ఉండిపోయిన ప్రాపర్టీ కార్డు, తరువాతి తరం ముందు మళ్లీ ఉమ్మడి ఆస్తిగా నిలబడుతుంది. అప్పుడు సంతకాలు ముగ్గురివి కాక వారి వారసులందరివీ కావలసి వస్తుంది.